పాల ఖాతాకి లాక్ ఎప్పుడు అక్కర్లేదు: ఆప్టిమిస్టిక్ కంకరెన్సీ కంట్రోల్ మీద ఒక ప్రసంగం

(తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థులకు, ఇక్కడి ప్రోగ్రామర్లకు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి బోర్డు కనబడుతోందా? కనబడకపోతే ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. బోర్డు మీద చిన్న చిన్న లెక్కలు వేస్తాను, అవి కనబడకపోతే వచ్చిన లాభం ఉండదు.

మీలో పలమనేరు, పుంగనూరు, పీలేరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. అయితే పాల కేంద్రం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వస్తారు. ఒక్కొక్కరి పాలు తూకం వేస్తారు. శాంపిల్ మిషన్‌లో పెడితే ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్. వస్తాయి. రేటు చార్టు ప్రకారం లీటరుకి ఎంతో కంప్యూటరే లెక్క కడుతుంది, రైతు ఖాతాలో జమ చేస్తుంది, చీటీ ఇస్తుంది. సాయంత్రం మళ్ళీ ఇదే పని. పదిహేను రోజులకోసారి బిల్లు. ఈ రోజు నేను చెప్పేదంతా ఇలాంటి ఒక పాల ఖాతా సాఫ్ట్‌వేర్ చుట్టూనే తిరుగుతుంది. ఎందుకు దీన్నే తీసుకున్నానంటే, ఆప్టిమిస్టిక్ పద్ధతికి చక్కగా సరిపోయే పని, దానికి అస్సలు సరిపడని పని, రెండూ ఇందులో పక్కపక్కనే ఉన్నాయి. అంకెలు మాత్రం లెక్క కోసం నేను వేసుకున్నవి, ఏ కేంద్రానివీ కావు.

ముందు జబ్బు ఏమిటో చూద్దాం. 17వ నంబరు రైతు ఖాతాలో 1,840 రూపాయలు ఉన్నాయి. ఆమె పొద్దున 8 లీటర్లు పోసింది, లీటరు 39 లెక్కన 312 రూపాయలు జమ కావాలి. అదే సమయంలో వాళ్ళబ్బాయి పక్క కౌంటర్లో దాణా బస్తా తీసుకున్నాడు, 500 రూపాయలు అదే ఖాతాలో కోయాలి. రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఖాతా చదివాయి. రెండింటికీ 1,840 కనబడింది. పాల కంప్యూటర్ 2,152 అని రాసింది. దాణా కంప్యూటర్ 1,340 అని రాసింది. ఎవరు చివర రాస్తే వాళ్ళ లెక్కే మిగులుతుంది. దాణా వాళ్ళు చివర రాశారనుకోండి, పొద్దున పోసిన పాల డబ్బు గల్లంతు. అసలు ఉండాల్సింది ఎంత? 1,840లో 500 పోతే 1,340, దానికి 312 కలిపితే 1,652. ఈ 1,652 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

దీనికి మనందరికీ తెలిసిన మందు లాక్. ఖాతా 17ని చదవబోయే ముందే లాక్ చెయ్యి, పని అయ్యాక వదులు, అంతవరకు రెండోవాళ్ళు ఆగుతారు. ఇది సరైన మందే, తప్పేమీ లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎన్ని కేంద్రాల్లో ఎన్ని వేల ఎంట్రీలు పడతాయి? అందులో ఒకే ఖాతా మీద ఒకే క్షణంలో రెండు పనులు తగులుకునేవి ఎన్ని? ఎక్కడో ఒకటీ అరా. ఆ ఒకటీ అరా కోసం ప్రతి ఎంట్రీ లాక్ తీసుకోవాలి, లాక్ పట్టికలో పేరు రాయించుకోవాలి, డెడ్‌లాక్ ఉందేమోనని వెతకాలి, చివర వదలాలి. తగాదా లేని వేల ఎంట్రీలు కూడా ఆ ఖర్చు కడుతున్నాయి.

1981లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి హెచ్.టి. కుంగ్, జాన్ రాబిన్సన్ అనే ఇద్దరు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. తగాదా అరుదు అయినప్పుడు ముందే అందరినీ ఎందుకు ఆపాలి? పని చేసుకోనిద్దాం. ముగించేముందు ఒక్కసారి తనిఖీ చేద్దాం. తగాదా ఉందని తేలితే ఆ పని పారేసి మళ్ళీ మొదటి నుంచి చేయిద్దాం. ఇదే ఆప్టిమిస్టిక్ పద్ధతి. దీనికి వాళ్ళు మూడు దశలు పెట్టారు. రీడ్ ఫేజ్, వాలిడేషన్ ఫేజ్, రైట్ ఫేజ్.

రీడ్ ఫేజ్ అంటే చదవడం మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు. ట్రాన్సాక్షన్ చేసే పనంతా ఇక్కడే జరుగుతుంది, చదవడం, లెక్కలు కట్టడం, రాయడం కూడా. కాకపోతే రాసేది అసలు ఖాతాలో కాదు, తన సొంత కాపీలో. బయట ఎవరికీ అది కనబడదు. ఈ దశలో సిస్టమ్ రెండు జాబితాలు పెట్టుకుంటుంది. ఏమేం చదివాం అన్నది రీడ్ సెట్. ఏమేం మార్చాలనుకుంటున్నాం అన్నది రైట్ సెట్. మన పాల ఎంట్రీకి రీడ్ సెట్ ఏమిటి? చెప్పండి... ఖాతా 17, అవును. ఇంకా? రేటు చార్టు! అది మర్చిపోవద్దు, దాన్ని చూసే కదా 39 అని తేల్చాం. రైట్ సెట్ ఏమిటి? ఖాతా 17, ఈ పూట ఎంట్రీ కోసం టేబుల్‌లో ఒక కొత్త వరస.

ఇక వాలిడేషన్. ఇదే గుండెకాయ, కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం. సిస్టమ్‌లో ఒక కౌంటర్ ఉంటుంది. విజయవంతంగా ముగిసిన ప్రతి ట్రాన్సాక్షన్‌కి అది తర్వాతి నంబరు ఇస్తుంది. పాల ఎంట్రీ మొదలైనప్పుడు కౌంటర్ 140 దగ్గర ఉంది. దాన్ని నోట్ చేసుకుంది. దాణా ట్రాన్సాక్షన్ కూడా 140 దగ్గరే మొదలైంది. దాణా ముందు ముగింపుకి వచ్చింది. కౌంటర్ చూసింది, ఇంకా 140. మధ్యలో ఎవరూ ముగించలేదు, చూడాల్సిందేమీ లేదు, పాస్. ఖాతాలో 1,340 రాసింది, 141 నంబరు తీసుకుంది. ఇప్పుడు పాల ఎంట్రీ వచ్చింది. మొదలైనప్పుడు 140, ఇప్పుడు 141. అంటే నేను పనిలో ఉండగా ఒకరు ముగించారు. వాళ్ళు రాసినవాటిలో నేను చదివినది ఏదైనా ఉందా?

```
for t in start+1 .. finish:
    if write_set[t] ∩ read_set ≠ ∅:
        fail
```

141 రైట్ సెట్‌లో ఖాతా 17 ఉంది. నా రీడ్ సెట్‌లోనూ ఖాతా 17 ఉంది. ఫెయిల్. సొంత కాపీ పారేస్తాం, 2,152 అన్న అంకె బయటి ప్రపంచం చూడనే లేదు. మళ్ళీ మొదలు. ఈసారి చదివితే 1,340 కనబడుతుంది, 312 కలిపితే 1,652. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె ఇదే. ఈసారి మధ్యలో ఎవరూ రాలేదు, పాస్, 142.

అదే సమయంలో 42వ నంబరు రైతు ఎంట్రీ కూడా నడుస్తోందనుకోండి. అది కూడా రేటు చార్టు చదివింది. మరి ఇద్దరూ చదివింది ఒకటే కదా, తగాదా కాదా? కాదు. ఇద్దరూ చదివారంతే, ఎవరూ రాయలేదు. రైట్ సెట్‌కి రీడ్ సెట్ తగిలితేనే గొడవ. వెయ్యిమంది ఒకే రేటు చార్టు చదివినా ఒకరి అడ్డు ఒకరికి ఉండదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, అందరూ దాటేసి వెళ్ళిపోతారు. వాలిడేషన్‌లో పాసైన వెంటనే రైట్ ఫేజ్ రావాలి. కుంగ్, రాబిన్సన్ చెప్పిన సీరియల్ పద్ధతిలో తనిఖీ, రాయడం, కౌంటర్ పెంచడం మూడూ కలిపి ఒకే క్రిటికల్ సెక్షన్. ఒక్కరు బయటికి వస్తేనే ఇంకొకరు లోపలికి. ఎందుకు? నేను తనిఖీ చేసి బాగుంది అనుకున్నాను, రాయబోయేలోపు ఇంకొకరు రాసేశారు. అప్పుడు నా తనిఖీకి విలువేముంది? "ఆప్టిమిస్టిక్ అంటే లాకులే ఉండవు" అని ఇంటర్వ్యూల్లో చెబుతుంటారు. ఉంటాయి. పని జరిగినంతసేపూ ఉండవు, ముగింపులో కాసేపు ఉంటాయి. తేడా అంతా ఆ లాక్ ఎంతసేపు పట్టుకుంటాం అన్నదాంట్లోనే. కేవలం చదివే ట్రాన్సాక్షన్‌కి మాత్రం రైట్ ఫేజ్ ఉండదు కాబట్టి అది ఈ క్రిటికల్ సెక్షన్లోకి వచ్చే పనే లేదు, బయట నుంచే తనిఖీ చేసుకుని వెళ్ళిపోవచ్చు.

ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఏమ్మా? ... మంచి ప్రశ్న. మైకు అందలేదు కాబట్టి నేను మళ్ళీ చెబుతాను. పాల ఎంట్రీ నడుస్తుండగా ఆఫీసువాళ్ళు రేటు చార్టు మార్చి ముగించేశారు. ఎంట్రీ పాత రేటు చదివేసింది. దాన్ని ఫెయిల్ చేయాల్సిన అవసరం నిజంగా ఉందా? రేటు మారకముందే పాలు పోసినట్టు లెక్కవేసుకోవచ్చు కదా? నిజమేనమ్మా. ఎంట్రీ ముందు, రేటు మార్పు తర్వాత అనే వరసలో చూస్తే ఏ తప్పూ లేదు. కానీ ఈ పద్ధతిలో వరసని నిర్ణయించేది వాలిడేషన్‌కి వచ్చిన క్రమం. రేటు మార్పు ముందు వచ్చింది, దానికి ముందు నంబరు పోయింది. నువ్వు దాని తర్వాతివాడివి, తర్వాతివాడు కొత్త రేటే చూసి ఉండాలి, చూడలేదు, కాబట్టి ఫెయిల్. అంటే తప్పు లేకపోయినా ఒక్కోసారి పని పారేస్తుంది. తప్పుడు లెక్క ఎప్పుడూ రానివ్వదు, కానీ అనవసరంగా ఫెయిల్ చేయడం మాత్రం జరుగుతుంది. సులువైన తనిఖీ కోసం మనం కట్టే ధర అది. రేటు రోజుకి పదిసార్లు మారదు కాబట్టి ఇక్కడ ఆ ధర మనల్ని బాధించదు.

ఇప్పుడు మనలో చాలామంది రోజూ రాసే కోడ్ దగ్గరికి వద్దాం. టేబుల్‌లో వెర్షన్ అని ఒక కాలమ్ పెట్టి ఇలా రాస్తాం.

```sql
UPDATE accounts
SET balance = 2152, version = 8
WHERE id = 17 AND version = 7;
```

మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే వెర్షన్ 7 ఉండదు, సున్నా వరసలు మారాయని డేటాబేస్ చెబుతుంది, మనం మళ్ళీ చదివి మళ్ళీ ప్రయత్నిస్తాం. తనిఖీ, రాత రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి కాబట్టి మధ్యలో సందు లేదు. బాగుంది. చాలా కోడ్‌లో నేను చూసిన పొరపాటు ఏమిటంటే, వెర్షన్‌ని ముందు వేరే సెలెక్ట్‌తో చదివి, అప్లికేషన్‌లో పోల్చి, తర్వాత వెర్షన్ షరతు లేకుండా అప్‌డేట్ చేయడం. అది తనిఖీలా కనబడుతుంది కానీ తనిఖీ కాదు. ఇంకో రకం ఉంది: షరతు పెడతారు, కానీ ఎన్ని వరసలు మారాయో చూడరు. సున్నా వచ్చినా ముందుకెళ్ళిపోతారు, చీటీ ప్రింటవుతుంది, ఖాతాలో డబ్బు పడదు.

సరిగ్గా రాసినా ఈ వెర్షన్ కాలమ్ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఇది మనం రాసే వరసని మాత్రమే తనిఖీ చేస్తుంది. చదివి వదిలేసిన వరసల సంగతి? ఒక ఇంట్లో భార్యాభర్తలకి చెరో ఖాతా, 17, 18. ఒక్కోదాంట్లో 600. సొసైటీ నియమం ఏమిటంటే, ఇద్దరి ఖాతాలూ కలిపి సున్నాకి తగ్గకుండా ఉంటే అడ్వాన్సు ఇవ్వొచ్చు. ఆమె ఒక కౌంటర్లో 1,000 అడిగింది, ఆయన ఇంకో కౌంటర్లో 1,000 అడిగాడు. రెండు కంప్యూటర్లూ రెండు ఖాతాలు చదివాయి, మొత్తం 1,200, వెయ్యి ఇవ్వొచ్చు. ఒకటి 17ని మార్చింది, ఇంకోటి 18ని మార్చింది. ఎవరి వరస వెర్షన్ వాళ్ళకి సరిగ్గానే ఉంది, ఇద్దరూ పాస్. చివరికి ఇల్లు మొత్తం మీద 800 అప్పు. దీన్నే రైట్ స్క్యూ అంటారు. కుంగ్, రాబిన్సన్ పద్ధతి దీన్ని పట్టుకుంటుంది. ఎలా? రెండోవాళ్ళ రీడ్ సెట్‌లో 17, 18 రెండూ ఉన్నాయి, మొదటివాళ్ళ రైట్ సెట్‌లో 17 ఉంది, తగిలింది, ఫెయిల్. కాబట్టి మీ నియమం ఒకటికంటే ఎక్కువ వరసల మీద ఆధారపడి ఉంటే, చదివిన వరసల వెర్షన్లు కూడా ముగింపులో, అదే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో, వాటిని కాసేపు లాక్ చేసి చూడండి. లేదా ఆ ఇంటికంతా ఒకే వెర్షన్ ఉన్న వరస పెట్టి, ఎవరి ఖాతా మార్చినా దాన్ని పెంచండి.

ఇప్పటిదాకా సరిగ్గా పనిచేయడం గురించి. ఇక వేగం. ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ బాగుండదు? "తగాదాలు తక్కువైతే ఆప్టిమిస్టిక్ బాగుంటుంది" అని పుస్తకాలన్నీ చెబుతాయి. తక్కువ అంటే ఎంత? ఆ మాట ఎవరూ చెప్పరు. అది మనం లెక్క కట్టుకోవచ్చు, కష్టమేమీ కాదు.

నేను చదివినప్పటి నుంచి వాలిడేషన్ దాకా పట్టే సమయం ఒకటి. దాన్ని కిటికీ అందాం. నేను చదివిన వరస మీద ఇతరులు సెకనుకి ఎన్నిసార్లు రాసి ముగిస్తున్నారు అన్నది రెండోది. ఈ రెండింటి గుణకారమే మీ అదృష్టాన్ని తేలుస్తుంది. రాతలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తున్నాయనుకుంటే, పాసయ్యే అవకాశం ఇది.

```
P = e^(-λW)
```

λ అంటే సెకనుకి రాతలు, W అంటే కిటికీ సెకన్లలో. రైతు ఖాతాకి వేసి చూద్దాం. పూటకి ఒకటి రెండు రాతలు. కిటికీ 20 మిల్లీసెకన్లు. గుణిస్తే ఎంత వస్తుంది? చెప్పుకోవడానికి కూడా లేనంత చిన్న అంకె. దాదాపు ప్రతిసారీ మొదటి ప్రయత్నంలోనే పాస్. లాక్ ఖర్చు లేదు, ఆగడం లేదు, డెడ్‌లాక్ లేదు. ఈ పద్ధతికి ఇంతకంటే మంచి పని దొరకదు.

ఇప్పుడు అదే సాఫ్ట్‌వేర్లో ఎవరో పెద్దాయన అడిగారు: ఈ పూట మొత్తం ఎన్ని లీటర్లు వచ్చాయో స్క్రీన్ మీద ఎప్పటికప్పుడు కనబడాలి. ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? మొత్తం అని ఒక వరస పెడతాడు. ప్రతి ఎంట్రీ ఆ వరస చదివి, లీటర్లు కలిపి, తిరిగి రాస్తుంది. చిన్న మార్పే. కానీ జిల్లా అంతా ఉన్న కేంద్రాలు ఇప్పుడు ఒకే వరస మీద పడ్డాయి. సెకనుకి 50 ఎంట్రీలు ముగుస్తున్నాయనుకుందాం. కిటికీ అదే 20 మిల్లీసెకన్లు. 50ని 0.02తో గుణిస్తే 1. పాసయ్యే అవకాశం 0.37. వందకి 63 ప్రయత్నాలు వృథా. ఒక్కో ఎంట్రీ పాస్ కావడానికి సగటున 2.7 ప్రయత్నాలు. అక్కడితో ఆగుతుందా? ఆగదు. ఆ వృథా ప్రయత్నాలన్నీ సి.పి.యు. తింటాయి, దాంతో అందరి కిటికీ పెద్దదవుతుంది, కిటికీ పెద్దదైతే ఫెయిళ్ళు పెరుగుతాయి, ఫెయిళ్ళు పెరిగితే సి.పి.యు. ఇంకా తింటాయి. గ్రాఫులో చూస్తే లోడ్ పెరిగేకొద్దీ ముగిసే పనులు కొంతదూరం పెరిగి, తర్వాత పడిపోవడం మొదలవుతుంది. లాక్ పద్ధతిలో అయితే ఆ ఒక్క వరస దగ్గర క్యూ కడతారు, నిదానమవుతుంది, కానీ చేసిన పని చెత్తబుట్టలోకి పోదు.

కిటికీని 2 మిల్లీసెకన్లకి తగ్గిస్తే? గుణకారం 0.1, పాసయ్యే అవకాశం 90 శాతం. కాబట్టి రీడ్ ఫేజ్‌లో నెట్‌వర్క్ పిలుపులు, ప్రింటర్ పనులు పెట్టకండి. కానీ మొత్తం అనే ఆ వరసకి అసలైన చికిత్స అది కాదు. అసలు ఎంట్రీ ఆ మొత్తాన్ని ఎందుకు చదవాలి? ఎంట్రీకి మొత్తంతో పనే లేదు! ఎంట్రీ వరసని మాత్రం చేర్చి, మొత్తాన్ని స్క్రీన్ అడిగినప్పుడు కూడుకోవచ్చు. లేదా చదవకుండానే "ఇందులో 8 కలుపు" అని డేటాబేస్‌కే చెప్పవచ్చు. ఆప్టిమిస్టిక్ పద్ధతి మీద కట్టిన ఫౌండేషన్‌డీబీ అనే డేటాబేస్‌లో ఇందుకే ప్రత్యేకంగా ఆటామిక్ కూడిక ఉంది, దాన్ని వాడితే ఆ కీ మీ రీడ్ సెట్‌లోకి రాదు. కూడిక ఏ క్రమంలో జరిగినా జవాబు ఒకటే కదా, మరి తగాదా పెట్టడం ఎందుకు?

మూడోది బిల్లు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. బిల్లు ట్రాన్సాక్షన్ అందరి ఖాతాలూ చదువుతుంది. 40 సెకన్లు పడుతుందనుకోండి. ఒక్కో ఖాతాలో తగాదా అరుదే, కానీ దీని రీడ్ సెట్‌లో ఖాతాలన్నీ ఉన్నాయి. ఆ 40 సెకన్లలో ఎక్కడో ఒక్క రైతు ఖాతాలో ఒక్క ఎంట్రీ పడినా బిల్లు మొత్తం ఫెయిల్. మళ్ళీ మొదలు, మళ్ళీ 40 సెకన్లు, మళ్ళీ ఎవరో పాలు పోస్తారు. ఇది ఎప్పటికీ గెలవదు. చిన్న ట్రాన్సాక్షన్లు దూసుకుపోతుంటాయి, పెద్దది మాత్రం అక్కడే మాడిపోతుంది. దీన్నే స్టార్వేషన్ అంటారు. కుంగ్, రాబిన్సన్ దీన్ని ముందే ఊహించారు. చాలాసార్లు ఫెయిలైన ట్రాన్సాక్షన్‌ని క్రిటికల్ సెక్షన్ వదలకుండా మొదటి నుంచి చివరిదాకా నడిపించమన్నారు. అంటే అంతసేపు డేటాబేస్ మొత్తానికి లాక్ వేసినట్టే. ఎప్పుడో ఒకసారి అయితే ఫర్వాలేదు. పొద్దున ఏడు గంటలకి, కేంద్రాల ముందు క్యాన్లు వరసగా ఉన్నప్పుడు 40 సెకన్లు అందరినీ ఆపితే ఊరుకుంటారా?

బిల్లుకి నేనైతే ఇలా చేస్తాను. పదిహేనో తేదీ సాయంత్రం పూట ముగిశాక, ఆ తేదీదాకా ఉన్న ఎంట్రీలు ఇక మారవని ముద్ర వేస్తాను. తర్వాత బిల్లు రైతుకొకటి చొప్పున వేరువేరు చిన్న ట్రాన్సాక్షన్లుగా నడుపుతాను. ఒక్కోదాని రీడ్ సెట్ ఒక్క రైతుదే. ఎక్కడైనా ఒకటి ఫెయిలైతే అది ఒక్కటే మళ్ళీ నడుస్తుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి. కేవలం చూసే రిపోర్టు అయితే, పాత వెర్షన్లు దాచిపెట్టే డేటాబేస్‌లో ఒక స్నాప్‌షాట్ మీద చదివిస్తే చాలు, దానికి వాలిడేషన్ అక్కర్లేదు.

ఇక్కడ మెషిన్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఎనభైల్లో కొన్ని అధ్యయనాలు లాకులే మేలన్నాయి, కొన్ని ఆప్టిమిస్టిక్ మేలన్నాయి. ఎవరి మాట నమ్మాలి? 1987లో అగ్రవాల్, కేరీ, లివ్నీ ముగ్గురూ కూర్చుని ఈ చిక్కు విప్పారు. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, మీ దగ్గర సి.పి.యు., డిస్క్ తక్కువైతే పారేసిన పని మిగతావాళ్ళ నోటికాడి కూడు, అప్పుడు ఆగడమే మేలు. వనరులు ఖాళీగా పడి ఉంటే మళ్ళీ చేయడానికి పెద్ద ఖర్చు లేదు, అప్పుడు ఆప్టిమిస్టిక్ గెలుస్తుంది. పాత అధ్యయనాలు ఒకదానితో ఒకటి కొట్టుకోవడానికి కారణం వనరుల గురించి వాళ్ళు వేసుకున్న అంచనాలు. ఇది మీ ఆఫీసుకి కూడా వర్తిస్తుంది. నాలుగు కోర్లు నిండుగా నడుస్తున్న సర్వర్ మీద రీట్రైలు పెంచకండి.

మరి ఈ మధ్య ఆప్టిమిస్టిక్ మళ్ళీ ఎందుకు ముందుకొచ్చింది? డేటా అంతా మెమరీలోకి వచ్చింది, కోర్లు పెరిగాయి. అలాంటి చోట లాక్ అంటే చదవడానికి కూడా మెమరీలో ఏదో ఒకటి రాయాలి. ముప్ఫై కోర్లు ఒకే రేటు చార్టు చదువుతూ, ప్రతి ఒక్కటీ దాని లాక్ విలువ మార్చుతుంటే ఆ క్యాష్ లైన్ కోర్ల మధ్య పరుగెడుతూనే ఉంటుంది. ఎవరూ రేటు మార్చడం లేదు, అయినా అందరూ ఆగుతున్నారు! 2013లో ఎం.ఐ.టి., హార్వర్డ్ వాళ్ళు సైలో అనే డేటాబేస్‌లో దీన్నే సరిచేశారు. చదివేవాళ్ళు ఉమ్మడి మెమరీలో ఏమీ రాయరు, వెర్షన్ మాత్రం నోట్ చేసుకుంటారు. ముగింపులో రాయాల్సిన వరసలని మాత్రం ఒక నిర్ణీత క్రమంలో లాక్ చేస్తారు, క్రమం ఒకటే కాబట్టి డెడ్‌లాక్ రాదు. తర్వాత చదివిన వరసల వెర్షన్లు మారాయా, వేరేవాళ్ళ చేతిలో ఉన్నాయా చూస్తారు. బాగుంటే రాసి వదిలేస్తారు. కుంగ్, రాబిన్సన్ పెట్టిన ఆ ఒక్క క్రిటికల్ సెక్షన్, ఆ ఒక్క కౌంటర్, రెండూ తీసేశారు. ఇన్ని కోర్ల మీద అవే కొత్త అడ్డంకి అయ్యేవి. మూడు దశలు మాత్రం అవే.

రీడ్ ఫేజ్‌లో చేయకూడని పని ఒకటి చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. రీడ్ ఫేజ్ ఎన్నిసార్లైనా మళ్ళీ నడవవచ్చు. కాబట్టి వెనక్కి తీసుకోలేని పని అందులో ఉండకూడదు. ఒక చోట చూశాను, రైతుకి ఎస్.ఎం.ఎస్. పంపే పిలుపు ట్రాన్సాక్షన్ లోపలే ఉంది. ఫెయిలై మళ్ళీ నడిస్తే రైతుకి రెండు మెసేజీలు, ఒకదాంట్లో 2,152, ఇంకోదాంట్లో 1,652. ఖాతా సరిగ్గానే ఉంది, కానీ ఆమె చేతిలో ఉన్న ఫోన్ ఇంకో మాట చెబుతోంది. పొద్దున్నే కేంద్రానికొచ్చి నా డబ్బు 500 ఏమైందని అడిగితే ఎవరు జవాబు చెబుతారు? మెసేజ్, ప్రింటు, బ్యాంకు పిలుపు, అన్నీ రైట్ ఫేజ్ అయ్యాకే. పంపాల్సిన మెసేజ్‌ని కూడా రైట్ సెట్‌లో ఒక వరసగా రాసి, వేరే ప్రోగ్రామ్ దాన్ని చూసి పంపేలా చేస్తే అన్నిటికంటే భద్రం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫెయిల్ కాబోతున్న ట్రాన్సాక్షన్‌కి తాను ఫెయిలవుతానని వాలిడేషన్ దాకా తెలియదు. ఈలోపు అది ఒక ఖాతా మార్పుకి ముందు, ఇంకో ఖాతా మార్పుకి తర్వాత చదివి ఉండవచ్చు. రెండూ కలిపి చూస్తే ఎప్పుడూ లేని లెక్క. లీటర్లు సున్నా అని ఒకచోట, ఫ్యాట్ మొత్తం ఉందని ఇంకోచోట కనబడి, సున్నాతో భాగించి ప్రోగ్రామ్ పడిపోవచ్చు. లాగ్‌లో అసాధ్యమైన ఎర్రర్లు కనబడి, మళ్ళీ నడిపితే మాయమవుతుంటే ఇదేమోనని అనుమానించండి. రీడ్ ఫేజ్‌లో ఎర్రర్ వస్తే ముందు వాలిడేషన్ చేసి చూడండి. వాలిడేషన్ ఫెయిలైతే అది నిజమైన ఎర్రర్ కాదు, మళ్ళీ నడిపితే సరిపోతుంది.

ప్రశ్నలు. ఆ నీలం చొక్కా అబ్బాయి, చెప్పు బాబూ. ... సవరణ ఫారం సంగతి అడుగుతున్నాడు. ఆఫీసులో గుమస్తా రైతు చిరునామా, బ్యాంకు వివరాలు స్క్రీన్ మీద తెరిచి, టీకి వెళ్ళి, పావుగంట తర్వాత సేవ్ కొడతాడు. కిటికీ పదిహేను నిమిషాలు! ఇది ఆప్టిమిస్టిక్‌కి పనికిరాదు కదా? పనికొస్తుంది బాబూ, బ్రహ్మాండంగా పనికొస్తుంది. గుణకారంలో రెండో అంకె చూడు. ఒక రైతు బ్యాంకు వివరాలు ఏడాదికి ఎన్నిసార్లు మారతాయి? కిటికీ ఎంత పెద్దదైనా గుణకారం చిన్నదే. పైగా మనిషి టీ తాగి వచ్చేదాకా లాక్ పట్టుకోవడం ఎవరికి సాధ్యం? వెబ్‌లో ఇందుకే `ETag`, `If-Match` ఉన్నాయి. పాత వెర్షన్‌తో సేవ్ చేస్తే సర్వర్ `412` ఇస్తుంది. ఒక్కటే జాగ్రత్త. అక్కడ మెషిన్‌తో రీట్రై చేయించకూడదు. మధ్యలో ఎవరు ఏం మార్చారో గుమస్తాకి చూపించి, అతన్నే నిర్ణయించనివ్వాలి. పాల ఎంట్రీలో కూడికని మళ్ళీ నడిపితే చాలు, ఇక్కడ మనిషి ఉద్దేశాన్ని మళ్ళీ అడగాలి.

ఇంకొకటి, రీట్రై ఎన్నిసార్లు పెట్టాలి అంటున్నారు. ముందు కొలవండి. ట్రాన్సాక్షన్ రకం వారీగా ఎన్ని ఫెయిలయ్యాయి, ఏ వరస దగ్గర తగిలాయి, ఈ రెండూ లాగ్‌లో పడాలి. మొత్తం మీద రెండు శాతం ఫెయిల్ అని చూసి సంతోషపడితే, ఆ రెండు శాతంలో బిల్లు నూటికి నూరు ఫెయిలవుతున్నది కనబడదు. రకం వారీగా చూస్తే ఎంట్రీలన్నీ మొదటిసారే పాసవుతూ, ఒక్క రకం మాత్రం అరడజను ప్రయత్నాలు తింటుంటే, దాని రీడ్ సెట్‌లో అందరూ వచ్చి రాసే వరస ఏదో ఉంది, లేదా దాని కిటికీ పెద్దది. ముందు అది సరిచేయండి. రీట్రై అంటారా, మూడు నాలుగు సార్లు చాలు, మధ్యలో అందరూ ఒకేసారి లేవకుండా కొంచెం రాండమ్‌గా ఆగాలి. అప్పటికీ పాస్ కాకపోతే ఐదోసారి ఆ వరసలకి లాక్ తీసుకుని నడిపించండి. ఆ లాక్ దారి ఎన్నిసార్లు వాడారో దాన్ని కూడా లెక్కపెట్టండి.